నిశ్చితార్థం నాటి ఇన్వర్టర్ లెక్క

తొంభైల చివర్లో ఆదోనిలో నా నిశ్చితార్థం. పొద్దున పదకొండింటికి ఎమ్మిగనూరు నుంచి మగపెళ్లివారు దిగగానే కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాదన్నారు. వాళ్లు ఒక గదిలో, మావాళ్లు ఇంకో గదిలో బిగుసుకుని కూర్చున్నారు.

ఇంట్లో కరెంటు లెక్కలన్నీ నావే కాబట్టి నాన్న వంటింట్లో ఉన్న నా దగ్గరికి వచ్చాడు. "ఇన్వర్టర్ ఎంతసేపు వస్తాదమ్మా?"

"బ్యాటరీ పన్నెండు వోల్టులు, నూరు ఆంపియర్ అవర్లు. గుణిస్తే పన్నెండు వందల వాట్ అవర్లు. నష్టం పోను ఎనిమిది వందలు అనుకుందాం. రెండు గదుల్లో కలిపి రెండు ఫ్యాన్లు, రెండు ట్యూబులైట్లకు రెండు వందల ముప్పై వాట్లు. మూడున్నర గంటలే నాయనా. ఒక గదిలోనే వేస్తే దాదాపు ఏడు."

నాన్న అందరినీ ఒకే ఫ్యాను కిందికి చేర్చాడు. మోకాళ్లు తగిలేలా సర్దుకుని కూర్చున్నాక మాటలు కలిశాయి. ఎమ్మిగనూరు మగ్గాల నుంచి ఆదోని పత్తి దాకా పోయాయి. సాయంత్రం కరెంటు వచ్చినా ఎవరూ లేవలేదు.

"ఒక గది సాలని సెప్పింది ఎవురు, అన్నా?" అంది కాబోయే అత్త. నాన్న గుమ్మంలో నిలబడ్డ నన్ను చూపించాడు. ఆమె నవ్వి, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.