మా తరఫున ఎవరు రావాలి

పరిగి దగ్గరి గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తూ యూనియన్ కార్యదర్శిగా ఉన్నాను. జీతాల పెంపు గురించి చర్చలకు మేనేజ్‌మెంట్ మొదటిసారి ఒప్పుకుంది. హిందూపురంలో మా అధ్యక్షురాలి ఇంట్లో కూర్చుని ఇద్దరం హెచ్ఆర్ మేనేజర్‌కు ఈమెయిల్ రాశాం. తేదీ, చోటు, మా తరఫున వచ్చే నలుగురి పేర్లు పెట్టాం. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డుపడకూడదనీ, ఏ పక్షం కోరినా విడిగా మాట్లాడుకోవడానికి విరామం ఇవ్వాలనీ, చర్చలో అనుకున్నవి రాసే మినిట్స్ మీద ఇరుపక్షాలూ సంతకం చేయాలనీ రాశాం.

మర్నాడు భోజనాల వేళ జవాబొచ్చింది. నియమాలన్నీ సరేనన్నారు. కానీ మా నలుగురిలో ప్యాకింగ్ సెక్షన్ ఆమెకు బదులు వేరొకరిని పంపమన్నారు. ఆమె గట్టిగా మాట్లాడుతుందట.

క్యాంటీన్‌లో అధ్యక్షురాలికీ ఆమెకూ చదివి వినిపిస్తే ఆమె ముఖం చిన్నబోయింది. "నా వల్ల మీటింగ్ చెడిపోతాదంటే నేను రాన్లే అక్కా," అంది.

"నువ్వు రావాల్సిందే. మనోళ్లెవరో చెప్పేది మనం, వాళ్లు కాదు," అంది అధ్యక్షురాలు.

అక్కడే ఫోన్‌లో జవాబు టైపు చేశాను. 'మీ ప్రతినిధులను మీరు ఎంచుకున్నట్టే మా ప్రతినిధులను మేము ఎంచుకున్నాం. ఒప్పుకున్న నియమాలను మా నలుగురూ పాటిస్తారు.' పంపాక మిషన్ ముందు కూర్చున్నానే గానీ, మాటిమాటికీ ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం కంపెనీ బస్సు ఎక్కాక జవాబొచ్చింది. నలుగురి పేర్లూ రాసి, ఒప్పుకుంటున్నామన్నారు. నిలబడి అందరికీ వినబడేలా చదివాను. బస్సంతా చప్పట్లు. ప్యాకింగ్ ఆమె సీట్ల మధ్యగా నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"నా పేరు ఉండాదా అక్కా? ఇంకోసారి చదువు," అంది.

మళ్లీ చదివాను.