ఎనభైని ముగ్గురికి పంచితే

డిప్లొమా పూర్తయిన కొత్తలో నాకు తలపొగరు కాస్త ఎక్కువే. వనపర్తిలో గేర్లు కోసే చిన్న షెడ్డులో పనికి కుదిరాను. యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. అరవై దాటిన పెద్దమనిషి, బడి ముఖం పెద్దగా చూడలేదు. ఆయనకు ఫార్ములాలు రావు, నాకు రానివి లేవు. అలాంటప్పుడు ఆయన దగ్గర నేర్చుకునేదేమీ ఉండదని తేల్చేసుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే పెద్దమందడి నుంచి ఒకాయన విరిగిన గేర్‌బాక్సు ఆటోలో వేసుకొచ్చాడు. బోర్లలోంచి మోటార్లు లాగే వించి ఆయనకు తిండి పెడుతోంది. ఒక రైతు మోటారు లాగుతుంటే సగంలో గేర్లు పగిలాయట. పైపుకు క్లాంపు బిగించి మోటారును బోరులోనే వేలాడదీసి వచ్చాడు.

"ఎల్లుండి దాక నీళ్లు పారకపోతె ఆ రైతు వరి ఎండిపోతది సారు. మళ్లొస్తనని ఒట్టు పెట్టిచ్చుకొనే నన్ను తోలిండు" అన్నాడు.

పెట్టె విప్పితే లోపలివైపు పళ్లున్న బయటి రింగు బాగానే ఉంది, అరవై పళ్లు. నడిమి గేరు, దాని చుట్టూ తిరిగే మూడు గేర్లు, ఆ మూడింటి పిన్నులు పట్టుకునే పళ్లెం పాడయ్యాయి. పాత ముక్కలు లెక్కిస్తే నడిమి దానికి పద్దెనిమిది, చుట్టూ ఉన్నవాటికి ఇరవై ఒకటి. అవే అంకెలతో కోస్తే సరిపోయేది. కానీ అందులో నా చదువు ఎక్కడ కనిపిస్తుంది?

నేను కాగితం తీశాను. రింగుకు అడ్డంగా చూస్తే ఒక పక్క గేరు, నడిమి గేరు, రెండో పక్క గేరు వరుసగా ఇమడాలి. అంటే నడిమి దాని పళ్లకు పక్క గేరు పళ్లు రెండింతలు కలిపితే రింగు పళ్లు రావాలి. ఇరవై, ఇరవై, ఇరవై కలిపితే అరవై. అన్నింటికీ ఒకటే సైజు, మెషిన్ మీద ఒకటే సెట్టింగు. వించి తాడు చుట్టుకునే డ్రమ్ము కాస్త వేగంగా తిరుగుతుంది, అంతే. నా తెలివికి నేనే మురిసిపోయి, ఎందుకైనా మంచిదని ఒక గేరు ఎక్కువే కోశాను. కొత్త పళ్లెంలో సమాన దూరంలో మూడు పిన్నులు పెట్టాను.

మొదటి గేరు చక్కగా కూర్చుంది. రెండోది కూర్చోలేదు. పన్నుకు పన్ను ఎదురొచ్చి నిలబడింది. తిప్పాను, తట్టాను, చివరికి ఆకురాయి తీసి రాకడం మొదలుపెట్టాను. వించి ఆయన బల్ల మీద కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం నమాజు చేసి వచ్చిన ఉస్తాద్ నా చేతిలోని ఆకురాయి తీసుకున్నాడు. "రింగుకు నడిమిది కలుపు. ఎంత?"

"ఎనభై."

"ముగ్గురికి పంచు."

రెండు మిగిలాయి.

"మిగిల్తె కూసోవు బేటా. పాతది డెబ్బై ఎనిమిది, ముగ్గురికి సాఫ్‌గ పంచొచ్చు. నువ్వు ఇమడాలనే జూసినవ్, పంచుడు మర్సినవ్." పక్కన మిగిలిన గేరు చేతిలోకి తీసుకున్నాడు. "ఎనభైని నలుగురికి పంచు. ఒకటి ఎక్కువ కోసినవ్ గద."

నాలుగు పిన్నులతో ఇంకో పళ్లెం చేశాం. నాలుగు గేర్లూ నోరెత్తకుండా కూర్చున్నాయి. సాయంత్రానికల్లా ఆటో ఎక్కించేటప్పుడు వించి ఆయన, మూడు ఎందుకు నాలుగయ్యాయని అడిగాడు.

"బలం కోసమన్నా. కొత్త డిజైన్" అన్నాను. ఉస్తాద్ అది విని, పెట్టెకు తాడు బిగించసాగాడు.

మర్నాడు మోటారు బయటికొచ్చింది, వరి బతికింది. రెండు నెలల తర్వాత అదే మనిషి ఉప్పునుంతల నుంచి ఇంకో వించి ఆయనను వెంటబెట్టుకొచ్చాడు. ఆ పెట్టెలోనూ అరవై, పద్దెనిమిది, ఇరవై ఒకటే. గేర్లు బాగున్నాయి, పళ్లెం ఒక్కటే పగిలింది.

"మా సారు డిజైన్ నాలుగు పిన్నులది. నీకు గూడ గదే చేపిచ్చుకో, ఇంకో గేరు కోస్తడు" అని పెద్దమందడి ఆయన సిఫారసు చేశాడు.

డెబ్బై ఎనిమిదిని నలుగురికి పంచితే రెండు మిగులుతాయి. నా నోటి గొప్ప నా మెడకే చుట్టుకుంది. ఉస్తాద్ వైపు చూశాను. ఆయన చాయ్ తాగొస్తానని మెల్లగా బయటికి నడిచాడు.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా చెప్పేశాను. ఈ గేర్లకు మూడే పడతాయని, నాలుగు సమానంగా కూర్చోవని, ఆరోజు నాలుగు పెట్టింది బలం కోసం కాదని, నా లెక్క తప్పినందుకని, దాన్ని దిద్దింది ఉస్తాదేనని.

పెద్దమందడి ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకెర్కనే సారు. బలం కోసమైతె మధ్యాన్నం దాక ఆకురాయి ఎందుకు రాకుతుంటివి?" అన్నాడు. "నీ నోటెంబడి నిజం వస్తదేమోనని జూసిన. ఇగ గాయనకు మూడే పెట్టు."