నా డబ్బాలో మిగిలిన షీటు ముక్క

శాలిబండలోని మా మందుల దుకాణానికి జనం చీటీ కన్నా ముందు ఫోన్‌లో ఫొటో పంపుతారు. ఫొటో చూసి మందేదో చెప్పేయడంలో నాకు గర్వం కాస్త ఎక్కువే. ఆ ఉదయం ఛత్రినాకలో బర్రెలు పెట్టుకుని పాలమ్మే అక్క రెండు ఫొటోలు పంపి, వెంటనే ఫోన్ చేసింది.

"చెల్లే, మీ బావకు జ్వరం దిగుతలేదు. రెండు దినాల సంది ఈ రెండూ ఏస్తున్న. ఇంకేదన్న గట్టి గోళి ఇయ్యి."

మొదటి ఫొటోలో పారాసిటమాల్ 650 అని స్పష్టంగా ఉంది. రెండోది పసుపు రంగు జలుబు గోళీల షీటు ముక్క. ఎనిమిది వాడేశారు, రెండు మిగిలాయి. వాడిన చోట రేకు చిరిగింది. మందుల పేర్లు అచ్చువేసిన భాగం అసలు లేనే లేదు. అడిగినన్ని గోళీలు కత్తెరతో కోసివ్వడం మా దగ్గర అలవాటు. పేర్లున్న ముక్క ఎవరికి పోతుందో ఎవరూ చూడరు.

"రోజుకెన్ని ఏస్తున్నవక్కా?"

"తెల్లది జ్వరానికి నాలుగు, పసుపుది సర్దికి నాలుగు. దేనిది దానికే."

ఫొటోను పెద్దది చేశాను. కోసిన అంచు మధ్యలో చిన్న గాటు కనబడింది. నా కత్తెర అంచు ఒకచోట విరిగి ఉంటుంది, అది కోసిన ప్రతిచోటా అదే గాటు. అంటే ఇది నేను కోసిచ్చిందే. జలుబు గోళీల డబ్బా బల్ల మీద గుమ్మరిస్తే మిగిలిన అయిదు గోళీల ముక్క దొరికింది. దాని మీద ఉంది: పారాసిటమాల్ 500, దాంతోపాటు మరో రెండు మందులు.

తెల్లవి రెండు వేల ఆరు వందలు, పసుపువి రెండు వేలు కలిపితే రోజుకు నాలుగు వేల ఆరు వందల మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే నాలుగు వేలు దాటకూడదు. ఆయన బక్క మనిషి, పైగా రోజూ తాగుతాడు.

"రెండూ ఆపక్కా! రెండిట్ల ఉన్నది ఒక్కటే మందు. బాగున్నడా, కక్కుతున్నడా?"

"నిన్నటి సంది కక్కుతున్నడు. జ్వరంతోనే అనుకున్న."

"ఇప్పుడే దవాఖానకు తీస్కపో. రెండు ఫొటోలు, నేను పంపే పేర్లున్న మూడోది డాక్టరుకు చూపియ్యి."

కాలేయం కొంచెం దెబ్బతిన్నట్టు పరీక్షలో తేలిందట. సెలైన్‌లో విరుగుడు ఎక్కించి మూడు రోజులు ఉంచుకున్నారు. తర్వాతి వారం అక్క డబ్బా నిండా పెరుగు, ఇంకో చేత్తో ఒక సంచి తెచ్చింది.

"నువ్వు చూసినవ్ గాబట్టి బతికిండు."

మెప్పు తీసుకుని ఊరుకోవచ్చు. నాకు మనసొప్పలేదు. "ఆ గోళీలు కోసిచ్చింది నేనే అక్కా. ఇంకేం మందులు వాడుతున్నడని ఒక్క మాట అడగలే" అన్నాను.

తిడుతుందనుకున్నాను. అక్క సంచి విప్పి, ఇంట్లో ఉన్న మందులన్నీ నా బల్ల మీద పోసింది.

"గట్లయితే ఇప్పుడడుగు."