ఆ నాబ్ తిప్పింది నేను

మా బావ ఆసుపత్రిలో ఉన్న మధ్యాహ్నం ఆక్సిజన్ నాబ్ తిప్పింది నేను. అప్పుడు చెప్పలేదు. ఆ నింద ఒక నర్సుగారి మీద పడుతుంటే గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

బావ అంటే మా అక్క భర్త. కడియంలో మొక్కల నర్సరీ. నూట ముప్పై కిలోల మనిషి. క్రోటన్ల మధ్య కుర్చీ వేసుకుని, బేరం మధ్యలోనే నిద్రపోయేవాడు. "ఈ మందారం ఎంతండీ?" అని అడిగితే గురకే జవాబు. మెలకువ రాగానే, "అంతకి తగ్గదండి" అనేవాడు. కొనేవాళ్ళు కూడా నవ్వేవారు. పొద్దున్నే తలనొప్పనేవాడు, కాళ్ళు వాచేవి. అన్నిటికీ గురక జబ్బే కారణమని మేమే తేల్చేశాం.

ఒకసారి జలుబు చేసి ఆయాసం ముదిరితే రాజమండ్రి తీసుకెళ్ళాం. డాక్టరుగారు మణికట్టు దగ్గర రక్తం తీయించి పరీక్ష చూశారు.

"ఉత్త గురక జబ్బయితే నిద్రలోనే గొంతు మూసుకుపోతుందమ్మా, మెలకువగా ఉన్నప్పుడు ఊపిరి బాగానే ఆడుతుంది" అని ఆవిడ అక్కతో చెప్పారు. "ఈయనకి మేలుకుని ఉన్నా సరిపడా ఆడట్లేదు. ఒంటి బరువుకి ఛాతీ పూర్తిగా కదలదు. ఊపిరి పెంచమని చెప్పాల్సిన మెదడు కూడా మొద్దుబారింది. కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుంటోంది. మాస్కు మిషన్ పెట్టి ఊపిరికి సాయం చెయ్యాలి."

మిషన్ వచ్చేలోగా నర్సుగారు ముక్కు గొట్టంతో నిమిషానికి ఒక లీటరు ఆక్సిజన్ పెట్టారు. "తెర మీద ఆక్సిజన్ నంబరు ఎనభై ఎనిమిది, తొంభై రెండు మధ్య ఉంటే చాలండి. కంగారు పడకండి" అని నాకు చెప్పి మరీ మిషన్ కోసం వెళ్ళారు.

నేను వింటే కదా! కరోనా రోజుల్లో వేలికి క్లిప్ పెట్టుకుని, తొంభై నాలుగు దాటితే ఊపిరి పీల్చుకున్నవాణ్ణి. తెర మీద ఎనభై తొమ్మిది చూసి కాలు నిలవలేదు. అక్క అటు తిరిగి బావ కాళ్ళు ఒత్తుతుంటే నాబ్ తిప్పాను. లీటర్లు చూపించే గాజు గొట్టంలో బంతి ఆరు దాకా లేచింది. నంబరు తొంభై ఎనిమిదికి వెళ్ళింది. "చూశావా అక్కా!" అన్నాను. కాసేపటికి బావ గురక కూడా ఆగింది. హాయిగా పడుకున్నాడనుకున్నాం.

నర్సుగారు మిషన్‌తో వచ్చి భుజం తట్టారు. బావ కళ్ళు తెరవలేదు. ఆవిడ చూపు నాబ్ మీద పడింది. వెంటనే ఒకటికి తగ్గించి డాక్టరుగారిని పిలిచారు. మళ్ళీ రక్తం తీసి చూస్తే కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగినట్టు తేలింది. మాస్కు బిగించారు.

"ఆక్సిజన్ లేదన్న తొందరే ఈయన చేత కొంత ఊపిరి తీయిస్తోంది. ఎక్కువిస్తే అదీ తగ్గుతుంది. పైగా గాలి ఆడని భాగాలకి రక్తం మళ్ళిపోతుంది. ఇక కార్బన్ డయాక్సైడ్ బయటికి ఎలా పోతుంది? అది ఆ క్లిప్‌కి తెలీదు. నంబరు బాగుంటుంది, మనిషి మత్తులోకి జారిపోతాడు" అన్నారు డాక్టరుగారు. తర్వాత, "ఎవరు పెంచారు?" అని అడిగారు.

అక్క నర్సుగారికేసి చూసింది.

"సిస్టర్, ఇది మీ బెడ్ కదా. వివరణ రాసివ్వండి."

నేను గోడకేసి చూశాను.

సాయంత్రానికి బావ కళ్ళు విప్పాడు. మాస్కులోంచే ఏదో గొణిగాడు. అక్క చెవి దగ్గర పెట్టి వింది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మొక్కలకి నీళ్ళు పోశారా అంటున్నారు!"

ఆ నవ్వులో నేనూ కలిశాను. చెప్పాల్సిన మాట మింగేశాను.

మూడు నెలలకి మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళాం. రోజూ రాత్రి మిషన్ పెట్టుకుంటూ బావ కొంత బరువు తగ్గాడు, పగలంతా మెలకువగా ఉంటున్నాడు. "కొనేవాళ్ళకే నష్టమండి, ఇప్పుడు బేరం చివరిదాకా ఈయన మేలుకునే ఉంటున్నారు" అంది అక్క. డాక్టరుగారు పకపకా నవ్వారు. నర్సుగారి కోసం బావ వార్డులోకి గులాబీ కుండీ మోసుకొచ్చాడు.

ఆవిడ పూలు వాసన చూసి, పక్క మంచం దగ్గరికెళ్ళి నాబ్ చూశారు. రెండడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ చూశారు.

"ఎందుకండీ అన్నిసార్లు?" అంది అక్క.

"ఒకటి మీదే పెట్టానని నాకు గట్టి నమ్మకం అమ్మా. కానీ ఆ రోజు చూస్తే ఆరు మీద ఉంది కదా. అప్పట్నుంచి నా చెయ్యిని నేనే నమ్మట్లేదు."

గులాబీ కుండీకేసి చూశాను. ఇక ఆగలేకపోయాను.

"మీ చెయ్యి తప్పు చెయ్యలేదండి. తిప్పింది నేను."

ముందు తేరుకున్నది బావే. "ఓరి నా బావమరిదీ! నన్ను పైకి పంపించేసి నర్సరీ కొట్టేద్దామనా!" అన్నాడు. నర్సుగారికి కూడా నవ్వొచ్చేసింది, కళ్ళల్లో నీళ్ళతో.

నేను డాక్టరుగారి దగ్గర కాగితం అడిగి, జరిగింది జరిగినట్టు రాసి సంతకం చేశాను. నర్సుగారి వివరణతో కలిపి పెట్టమన్నాను. తర్వాత ఆవిడ ముందు నిలబడి, అందరూ వినేలా అన్నాను:

"మీరు చెప్పింది వినకపోవడం నా మొదటి తప్పు. మీరు మాట పడుతుంటే నోరు విప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు. నన్ను క్షమించండి."