నలభై రెండు నంబరు కాగితం

ఆగస్టు పదిహేను నాడు, గజ్వేల్ నుంచి మర్కూక్ పోయే దారిలోని ఒక హైస్కూల్లో, తాడు లాగితే జెండా విచ్చుకోలేదు. హెడ్‌మాస్టరమ్మ లక్ష్మీబాయి మేడమ్ ఈసారి రెండు చేతులూ పైకెత్తి గట్టిగా లాగారు. జెండా విచ్చుకుంది. బంతిపూల రేకులు రాలాయి. వాటితోపాటు మేడమ్ జాకెట్ కుడి భుజం కూడా జారి దండచెయ్యి సగం దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే పిల్లలు జాతీయ గీతం ఎత్తుకున్నారు. గీతం నడుస్తున్నంతసేపు చెయ్యి కదలకూడదని ఆ స్కూల్లో ఏటా మైకు పట్టుకుని చెప్పేది మేడమే. కాబట్టి మేడమ్ చెయ్యి కదలలేదు. పక్కన నిలబడ్డ అటెండర్ సాంబయ్య జెండా వైపు తప్ప ఎటూ చూడలేదు. జెండా పట్ల అతనికి అంత భక్తి ఉందని ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు.

గీతం అయిపోయాక మేడమ్ భుజం సర్దుకున్నారు. స్వాతంత్ర్యం గురించి రెండు ముక్కలు చెప్పి దిగిపోయారు. పిల్లలకు మిఠాయి మాత్రం ఏ లోపమూ లేకుండా అందింది.

ఆ జాకెట్ కుట్టింది దుర్గవ్వ.

గజ్వేల్‌లో బస్టాండు వెనక గల్లీలో ఒక షట్టరు కిరాయికి తీసుకుని, రెండు మిషన్లు పెట్టుకుని ఏళ్ళ తరబడి జాకెట్లు కుడుతోంది దుర్గవ్వ. ఒక మిషను ఆమెది, రెండోది కోడలు పూజది. భర్త అంజన్న ఒకప్పుడు కల్లు గీయడానికి తాటిచెట్లెక్కేవాడు. మోకాళ్ళు మొరాయించాక చెట్టు దిగి, షాపు ముందు కుర్చీలో కూర్చుని ఆడవాళ్ళ జాకెట్లకు హుక్కులు కుడుతున్నాడు. "చెట్టు మీద గీతనే జర అటిటు అయితది గని, హుక్కు దగ్గర కాదు" అంటాడు. నిజమే, అతను కుట్టిన హుక్కు ఊడిందని ఎవరూ అనలేదు. లోపల కొలతలు తీస్తున్నప్పుడు అతను చాయ్‌కి వెళ్ళిపోవాలన్నది దుర్గవ్వ పెట్టిన కట్టుబాటు. ఆ లెక్కన అతను తాగే చాయ్‌లు బాగా తక్కువ. ఎందుకంటే అక్కడ కొలతలు ఇచ్చేవాళ్ళే లేరు.

ఇచ్చేది ఆది జాకెట్. బాగా కుదిరిన పాత జాకెట్ ఒకటి క్యారీ బ్యాగులో వస్తుంది, దాన్ని చూసి కొత్తది కుడతారు. రొమ్ము చుట్టు ఎంతో నోటితో చెప్పే పని ఉండదు, టేపు ఒంటిని తాకే పని ఉండదు. లక్ష్మీబాయి మేడమ్ ఆది జాకెట్ కూడా ఇన్నాళ్ళూ సాంబయ్య చేతి సంచిలో వచ్చి పోయేదే. ఈసారి మాత్రం పాతవన్నీ బిగుతయ్యాయి. మేడమ్ ఇంట్లో తలుపేసుకుని తనే టేపు చుట్టుకున్నారు. నలభై ఒకటి వచ్చింది. స్టాఫ్ రూములోంచి ఫోన్ చేసి, పక్కవాళ్ళు వినకుండా, పరీక్ష పేపరు లీకు చేస్తున్నంత గుసగుసగా ఆ అంకె చెప్పారు.

కుట్టు సామాన్ల దుకాణాల్లో అచ్చేసిన కాగితం కటింగులు కట్టలుగా దొరుకుతాయి. ముప్పై, ముప్పై రెండు, ముప్పై నాలుగు, అట్లా రెండేసి తేడాతో ఉంటాయి. గుడ్డ మీద పరిచి చుట్టూ గీసి కోయడమే. పంద్రాగస్టు గిరాకీలో తొందరవుతుందని పూజ ఒక కట్ట కొనుక్కొచ్చింది. అందులో నలభై ఒకటి లేదు. దుర్గవ్వ నలభై రెండు కాగితం తీసి, ఉన్నదున్నట్టు కోసేసింది.

జెండా పండుగ అయిన వారంలోనే ఆ స్కూలు టీచర్లు ఇద్దరు వచ్చి, ఇంకా కోయని గుడ్డలు తీసుకుని పోయారు. ఒకామె "పెండ్లి వాయిదా పడ్డది" అంది, రెండో ఆమె కారణం కూడా చెప్పలేదు. మెయిన్ రోడ్డు మీద కొత్తగా అద్దాల బొటిక్ ఒకటి వెలిసింది. ఆ స్కూలు పోతే దాని వెనకే పక్క స్కూళ్ళు రెండూ పోతాయి. అప్పుడు రెండు మిషన్లలో ఒకటి గుడ్డ కప్పుకుని కూర్చోవాల్సిందే. ఈ సంగతి దుర్గవ్వకు తెలుసు. తెలిసినా పైకి మాత్రం "పోనీ, పండుగకు మల్ల గీడికే వస్తరు" అంది.

వచ్చింది వాళ్ళు కాదు, మేడమే. చేతిలో లేత ఊదా రంగు పట్టు గుడ్డ ఉంది. టీచర్ల దినోత్సవం నాడు సిద్దిపేటలో సన్మానమట, స్టేజీ మీద శాలువా, దండ.

"దుర్గవ్వా, అందరి ముంగట నా ఇజ్జత్ తీసినవ్" అన్నారు కూర్చోకుండానే.

"నేను తియ్యలే మేడమ్, కాగితం తీసింది. కూసోర్రి. పూజా, మేడమ్‌కు నీళ్ళియ్యి."

"కాగితం మీద సంతకం ఎవరిది? నీదే గదా కుట్టు?"

"నాదే మేడమ్. గందుకే మీరు బొటిక్‌కు పోక మల్ల గీడికి వచ్చిన్రు."

మేడమ్ అప్పుడు కూర్చున్నారు. "ఇంకో టైలరు దగ్గరికి పోతే జరిగిందంతా మొదటి నుంచి చెప్పాలె. నీకైతే ఎట్లాగూ తెలిసిపాయె" అన్నారు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "గీసారి సక్కగ కుదిరితే స్టాఫ్ అందరికీ నేనే చెప్త. జారిందనుకో, నాకూ నీకూ ఇదే ఆఖరు."

అంజన్న సూది పక్కన పెట్టి, చెప్పకుండానే చాయ్‌కి బయలుదేరాడు.

దుర్గవ్వ టేపు తీసుకుంది. మేడమ్ పరదా వెనక పీటీ మాస్టరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. ఛాతి ముందుకు, గడ్డం పైకి, భుజాలు చెవుల దాకా. భుజం మీద టేపు పెడితే స్కేలు పెట్టి గీసినంత సమంగా ఉంది.

"భుజాలల్ల ఏం తేడా లేదే" అని గొణిగింది దుర్గవ్వ. "జర వదులుగ నిలవడుర్రి మేడమ్."

"వదులుగనే నిలవడ్డ."

"గట్ల వదులుగ మిలిటరీ వాళ్ళు నిలవడ్తరు."

పూజ నవ్వు ఆపుకుంటూ అటు తిరిగింది. మేడమ్ మరింత బిగుసుకున్నారు. దుర్గవ్వ టేపు మెడకేసుకుని, కొలత సంగతి మరిచిపోయినట్టు అడిగింది: "అది సరే గని మేడమ్, గా దినం జెండా ఎందుకు విచ్చుకోలే?"

"ఏం చెప్పాలె దుర్గవ్వా..." మేడమ్ పెద్దగా నిట్టూర్చారు. "గా సాంబయ్య రెండు ముళ్ళేసిండు. ఒకటి చాలదా అంటే, గాలికి ఊడిపోతదేమో మేడమ్ అంటడు..."

నిట్టూర్పుతో పాటు భుజాలు కూడా దిగాయి. మెడ దగ్గరి నుంచి చేతుల వైపు ఇంటి పెంకుల్లా వాలిపోయాయి.

"కదలకుర్రి!" అని అరిచింది దుర్గవ్వ. "పూజా, గిప్పుడు చూడు! ఇవి అసలు భుజాలు. కాగితం గీసినోళ్ళకు గివి కనవడలే."

ఆ వాలిన భుజాల మీదే రెండు కొలతలు తీసింది. చంకల కింది నుంచి రొమ్ముకు ఎగువగా చుట్టితే ముప్పై ఆరు. రొమ్ము మీదుగా నిండుగా చుట్టితే నలభై ఒకటి. అంకెలు పైకి చదవకుండా పూజకు వేళ్ళతో చూపింది. ఆ మర్యాదకు మేడమ్ ముఖంలో కొంచెం రంగు తిరిగి వచ్చింది.

అసలు తప్పు ఎక్కడుందో దుర్గవ్వకు అప్పటికి అర్థమైంది. పై చుట్టుకు రెండంగుళాలు కలిపితే రొమ్ము చుట్టు వస్తుందనే లెక్కతో ఆ కాగితాలు గీస్తారు. మేడమ్‌కు ఆ తేడా అయిదు. కాగితం సైజు పెంచుకుంటూ పోతే ముందు భాగం ఒక్కటే పెరగదు, మెడ పెరుగుతుంది, భుజం పెరుగుతుంది, వీపు పెరుగుతుంది. ముందు సరిపోయిన జాకెట్ పైన జారిపోయింది అందుకే. మెడా భుజమూ కుదరాలంటే ముప్పై ఎనిమిది నంబరు కాగితం తీసుకోవాలి. తక్కువపడే మూడంగుళాలు ముందు భాగంలోనే కలపాలి, రెండు పక్కలా ఒకటిన్నర చొప్పున.

ముందు భాగం కాగితాన్ని కింది డాట్ అనే మడత కుట్టు మధ్యలోంచి రొమ్ము మొన దాకా కోసింది. అక్కడి నుంచి కత్తెరను చెయ్యి అతికే చంక రౌండ్ వైపు తిప్పి, అంచు తెగకుండా పిసరంత వదిలేసింది. పక్క కుట్టు వైపు నుంచి మొన దాకా ఇంకో కోత పెట్టింది. ఇప్పుడు కాగితం తలుపు తెరిచినట్టు తెరుచుకుంది. మొన దగ్గర ఒకటిన్నర అంగుళం సందు రాగానే కింద పాత న్యూస్‌పేపరు పెట్టి అతికించింది. పక్కన తెరుచుకున్న సందు పక్క డాట్ అయింది. కింది డాట్ వెడల్పయి, నడుము దగ్గర పెరిగిందంతా తనలోకి మడుచుకుంది. మధ్య ముక్క కింద కొంచెం పొట్టిదైతే, దాన్ని కోసి కిందికి జరిపి అంచు సమం చేసింది. వెనక భాగం వెడల్పు జోలికి పోలేదు.

తర్వాత భుజం. మెడ వైపు కొస అట్లాగే ఉంచి, చేతి వైపు కొసను ముందూ వెనకా అరంగుళం దించి గీత గీసింది. పట్టును ముట్టుకోకుండా ముందు పాత లైనింగ్ గుడ్డతో ఒకటి కుట్టి మేడమ్‌కు తొడిగింది.

భుజం అతికినట్టు కూర్చుంది. రొమ్ము మీద ఎక్కడా లాగలేదు. మేడమ్ రెండు చేతులూ ఎత్తి గాలిలో తాడు లాగి చూశారు. జాకెట్ జారలేదు కానీ, మేడమ్ "అమ్మో" అన్నారు.

"ఏమైంది?"

"చంకలల్ల కోస్తుంది!"

దుర్గవ్వ చంక కింద వేలు పెట్టి చూసింది. చెప్పింది మాత్రం పూజ. "అత్తమ్మా, భుజం దించినవ్, చంక దించకపోతివి. పైన అరంగుళం పోతే కింద అరంగుళం రావాలె గదా. లేకుంటే రౌండ్ చిన్నగైతది."

"నాకు తెల్వదా? నువ్వు చూస్తవా లేదా అని ఊకున్న" అంది దుర్గవ్వ.

"గట్లనే ఊకుంటే నా చేతులు ఊడిపోతుండె" అన్నారు మేడమ్.

చంక అడుగు కూడా ముందూ వెనకా అరంగుళం దిగింది. రౌండ్ మళ్ళీ పాత కొలతకు వచ్చింది, చెయ్యి ముక్క మార్చకుండానే సరిపోయింది. ఆ తర్వాతే పట్టు గుడ్డ మీద కత్తెర పడింది. హుక్కులు అంజన్న కుట్టాడు.

సిద్దిపేటలో స్టేజీ మీద మేడమ్ మెడలో దండ వేశారు, శాలువా కప్పారు, ఫొటో కోసం రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టమన్నారు. మేడమ్ పెట్టారు. ఏమీ జరగలేదు. ఏదో జరుగుతుందని ముందు వరుసలో కూర్చున్న స్టాఫ్ కొంత నిరాశతోనే చప్పట్లు కొట్టారు. మరుసటి సోమవారం గుడ్డలు వెనక్కి తీసుకుపోయిన ఇద్దరూ అవే గుడ్డలతో వచ్చారు. పెళ్ళి వాయిదా మళ్ళీ వాయిదా పడిందట. ఈసారి ఆది జాకెట్లు తేలేదు. కొలతలే తీయమన్నారు. అంజన్న ఆ రోజు వరసగా చాయ్‌లు తాగి, ఆకలి లేదని అన్నం మానేశాడు.

ఆ వారం చివర మేడమ్ కూడా వచ్చారు, ముఖం చిట్లించుకుని.

"దుర్గవ్వా, జాకెట్ మంచిగనే కుదిరింది గని, జారకున్నా గూడ నా చెయ్యి ఊకె భుజం మీదికే పోతుంది. క్లాసుల పిల్లలు చూసి నవ్వుతున్నరు."

దుర్గవ్వ మిషను ఆపకుండానే అంది: "నేను జాకెట్‌కే కుట్లేస్త మేడమ్, చెయ్యి అలవాటుకు ఎవరన్న వేరే టైలరును చూస్కోర్రి."