ఎర్ర చీటీకి చోటు లేని కాంట్రాక్టు

మందుల గోడౌన్‌లో అందరూ ఆయన్ని లేబుల్ మామ అంటారు. అగ్గిపెట్టె చేతికిచ్చినా వెనక్కి తిప్పి చదువుతాడు. పాతికేళ్ళుగా స్టోర్ ఆయన చేతి మీదే నడుస్తోంది. షాపుల నుంచి వెనక్కి వచ్చిన డబ్బాలకు ఎర్ర చీటీ కట్టి వెనక గదిలో పెడతాడు. సీలు, తడి, గడువు చూసి ఆయన సరే అన్నదే మళ్ళీ అర ఎక్కుతుంది. ఆ చీటీ సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. ఆయన బుర్రలో ఉంది.

పాత సాఫ్ట్‌వేర్ రాసినాయన కాలం చేశాడు. అది వారానికోసారి చతికిలబడుతోంది, బాగుచేసే దిక్కు లేదు. కొత్తది కొన్నారు. కొంటే సరిపోతుందా? దాన్ని ఇక్కడి పనికి అమర్చి, పాత సరుకు వివరాలు ఎక్కించి, మనుషులకు నేర్పే కంపెనీ కావాలి. దాన్ని ఎంచే పని యజమాని మామ నెత్తిన పెట్టాడు. రిటైరవడానికి ఎనిమిది నెలలున్న మనిషి నెత్తిన.

మూడు కంపెనీలు వచ్చాయి. మామ అందరినీ ఒకే ప్రశ్నలు అడిగాడు. మా దగ్గర కూర్చుని పనిచేసే మనుషుల పేర్లేమిటి, మధ్యలో మార్చాలంటే మమ్మల్ని అడుగుతారా, పాత వివరాల్లో తప్పులు దిద్దేది మీరా మేమా, మా సరుకు పట్టీతోనే చేసి చూపిస్తారా అని. మొదటి కంపెనీ నీళ్ళు నమిలింది. రెండో కంపెనీ నుంచి వచ్చినావిడ పట్టీ అంతా చూసి, ఆరు నెలలకి ఒక్క రోజు తక్కువైనా అవదని మొహం మీదే చెప్పింది. మూడో కంపెనీ అమ్మకాల మనిషి అన్నిటికీ "అయిపోతుంది సార్" అన్నాడు. మూడు నెలలట.

మామ మనసు రెండోదాని మీద, యజమాని మనసు మూడోదాని మీద. సరే, మూడో కంపెనీ పాత ఖాతాదారుల్ని అడుగుదామన్నాడు మామ. ఆ కంపెనీ ఇచ్చిన మూడు నంబర్లకూ ఫోన్ చేశాడు. ఒకే బళ్ళో చదువుకున్నట్టు ముగ్గురూ ఒకే మాట చెప్పారు. వాళ్ళు ఇవ్వని నంబరు కావాలని వ్యాన్ డ్రైవర్ని పట్టుకుంటే, అతను అదే కంపెనీతో పని చేయించుకున్న వేరే గోడౌన్‌లో స్టోర్ చూసే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"అన్నా, అమ్మడానికొచ్చిన మొహం మళ్ళీ కనపడదు," అందావిడ. "కాగితం మీద లేనిది వాళ్ళకి వినపడదు. సపోర్టు ఇస్తామని రాస్తే చాలదు. ఎన్నాళ్ళిస్తారో, ఫోన్ చేస్తే ఎన్ని గంటల్లో మనిషి పలకాలో రాయించుకో."

పాతది ఇంకో ఆరు నెలలు లాగదని యజమాని మూడోదాన్నే ఖాయం చేశాడు. మామ మాత్రం పంతం పట్టి మనుషుల పేర్లు రాయించాడు. సపోర్టు నెల నుంచి మూడు నెలలకు పెంచాడు. వ్యాన్లు ఆగిపోయే ఇబ్బందికి రెండు గంటల్లో పలకాలన్నాడు. అన్నీ ఒప్పుకున్నారు.

సంతకాల రోజు అలవాటు కొద్దీ చివరి పేజీ కూడా చదివాడు. చేయబోయే పనుల జాబితా. ఏ విభాగం గడి ఆ విభాగమే నింపింది. 'వెనక్కి వచ్చిన సరుకు' ఎదురుగా ఏమీ లేదు. అది ఆయన నింపాల్సిన గడే. ఊళ్ళో వాళ్ళందరినీ ప్రశ్నలడిగినవాడికి, చీటీ కట్టడం కూడా కంప్యూటరుకు చెప్పాల్సిన పనేనని తట్టలేదు.

అమ్మకాల మనిషి మర్యాదగానే చెప్పాడు. "ఖాళీగా ఉంది కాబట్టి వదిలేసి తేదీ ఇచ్చాం సార్. ఇప్పుడు కలిపితే రెండు నెలలు ఎక్కువ. రెండో దశలో చూద్దాం."

"ఇన్నేళ్ళూ చేత్తో చేశావు, ఇంకొన్నాళ్ళు చెయ్యి మామా," అన్నాడు యజమాని.

"ఇంకొన్నాళ్ళంటే, నేనున్నన్నాళ్ళేగా బాబూ."

యజమాని సంతకం పెట్టాడు. స్టోర్ తరఫున కింద మామ కూడా పెట్టాడు.

చెప్పిన తేదీకే కొత్తది మొదలైంది. షాపు నుంచి వెనక్కి వచ్చిన డబ్బా ఎంటర్ చేయగానే అమ్మే సరుకులో కలిసిపోతోంది. సరుకు తీసేవాళ్ళు చేతిలో స్కానర్ ఏ గదికి పొమ్మంటే ఆ గదికి పోతున్నారు. ఎర్ర చీటీ వాళ్ళ కంటికి ఆనదు. మూడో రోజు తడిసిన డబ్బా ఒకటి వ్యాన్ దాకా వెళ్ళింది. మామ సపోర్టుకి ఫోన్ చేశాడు. గంటన్నరలోనే పలికారు, కాంట్రాక్టులో పేరున్న మనిషే. అంతా ఓపిగ్గా విని, ఇది ఒప్పుకున్న పనుల్లో లేదని, రెండో దశకు రాసుకున్నామని చెప్పాడు.

రెండో దశ ఎప్పుడని మామ యజమానిని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా అని మామ రిటైరయ్యాక ఆయన స్థానంలో ఇంకో మనిషిని తీసుకోవడం లేదని కూడా అప్పుడే తెలిసింది.

ఇప్పుడు పొద్దున్నే వ్యాన్ తలుపు దగ్గర నిలబడతాడు. ఎక్కించే ప్రతి డబ్బానూ తిప్పి చూసి, చీటీ ఉన్నవి కిందికి దించుతాడు. మామా, ఆలస్యమవుతోందని డ్రైవర్ గొణుగుతాడు. రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలుంది.