మాస్టర్ దుకాణానికి రెండు పేజీలు

సిద్దిపేట బస్టాండుకు వెళ్లే సందులో నా దుకాణానికీ టైలర్ మాస్టర్ దుకాణానికీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క మాత్రమే అడ్డం. ఆయన తుమ్మితే నాకు వినిపిస్తుంది, నేను గిరాకీ మీద విసుక్కుంటే ఆయనకు వినిపిస్తుంది. రెండోదే ఎక్కువ. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు టైపు చేసి ఇవ్వడం నా పని. ఇన్నేళ్లలో ఈ ఊళ్లో ఎంతమందిని మహారాజుల్ని చేశానో నాకే తెలియదు. పుట్టినరోజు ఫ్లెక్సీలో మహారాజు కాని మనిషి ఉండడు.

మాస్టర్ నన్ను చెల్లె అంటాడు, నేను అన్నా అంటాను. మగవాళ్ల ప్యాంట్లు, చొక్కాలు కుట్టడంలో ఆయనకు ఒకప్పుడు ఎదురులేదు. ఇప్పుడు అందరూ రెడీమేడ్ కొంటున్నారు. ఆ ఎండాకాలం ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో కొత్తగా తెరిచిన బట్టల షోరూం వాళ్లు ఆయనను పనికి పిలిచారు. కొన్న ప్యాంట్లకు అక్కడే పొడవు తగ్గించి ఇవ్వాలి, మూలన ఒక మిషన్, ఒక స్టూలు.

"దసరా దాకా చూస్త చెల్లె. కొత్త గిరాకి రాకుంటె దుకాణం ఇడిచిపెట్టి గా స్టూలు మీద కూసుంట," అన్నాడు ఒకరోజు, నవ్వుతున్నట్టే. నవ్వు కాదని నాకు తెలుసు. ఎవరైనా ఆయన్ని మాస్టర్ అని పిలిచేది ఈ దుకాణంలోనే.

కరీంనగర్‌లో ఉంటున్న ఆయన కూతురు ఊరుకోలేదు. తండ్రి దుకాణానికి ఫోన్‌లోనే ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. ఫోటోలు పెట్టింది, దారి చూపే పటం పెట్టింది, రెండు జాగాలు మాత్రం ఖాళీగా ఉంచింది. ఒకటి తెరవగానే కనిపించే మొదటి పేజీ, రెండోది 'మా గురించి'. "అత్తా, రాసుడు నీకు అలవాటే కద, నువ్వే రాయి," అంది.

అలవాటే. గంటలో రాసి పడేశాను. పైన శ్రీరస్తు, శుభమస్తు. కింద 'నాణ్యతకు నిలువెత్తు చిరునామా, కుట్టుకళలో మకుటం లేని మహారాజు, మీ ఆదరాభిమానాలే మా పెట్టుబడి'. మాస్టర్ రెండుసార్లు చదివించుకుని, అద్దాలు తుడుచుకుని మూడోసారి తనే చదువుకున్నాడు. ఇద్దరం చాలా సంతోషించాం. ఆ సాయంత్రం చాయ్ కూడా ఆయనే తెప్పించాడు.

మర్నాడు పొద్దున్నే కూతురి ఫోన్.

"అత్తా, గిది చదివితే మా నాయిన ఎలక్షన్ల నిలబడ్డట్టున్నది. పాంటు కుడతడో లేదో ఏడ రాసినవ్?"

నాకు తల తీసేసినట్టయింది. కోపమూ వచ్చింది. నిన్నగాక మొన్న నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్ల నాకు చెబుతుందా అనుకున్నాను. కానీ పేజీ మళ్లీ చదివితే నిజమే, పాంటు ఎక్కడా లేదు. పెళ్లి పత్రిక చేతికిచ్చే మనిషి పక్కనే నిలబడి విషయం చెబుతాడు, అందులో ఎన్ని విశేషణాలున్నా నష్టం లేదు. ఫోన్‌లో చూసేవాడి పక్కన చెప్పడానికి ఎవరుంటారు?

"ఎవ్వలైన మొదటి రెండు లైన్లే సదువుతరు అత్తా," అంది ఆ పిల్ల, నా అలక గమనించి మెల్లగా. "ఏం చేస్తరు, ఏడ ఉన్నరు, ఎన్ని దినాలకిస్తరు. దుకాణంకొచ్చి ఏమడుగుతరో గదే రాయి."

ఏమడుగుతారో వినడానికి నాకు చెక్క ఉండనే ఉంది. వారం రోజులు, చెడిపోయిన పెళ్లి కార్డుల వెనుక, అటువైపు వచ్చినవాళ్లు అడిగిన ప్రతి మాటా అడిగినట్టే రాసుకున్నాను. 'నడుము కొంచెం గుంజుతరా?' 'గీ చొక్క చేతులు చిన్నగ చేస్తరా?' 'పొద్దుగూకెవరకు అయితదా?' 'పెండ్లప్పటి పాంటు, ఇప్పుడు పడ్తలేదు, లూజు చేస్తరా?' కొత్త బట్ట కుట్టమని ఇద్దరు వచ్చారు. మిగతావాళ్లంతా సరిచేయమని వచ్చినవాళ్లే.

కార్డులు తీసుకెళ్లి మాస్టర్ ముందు పెట్టాను. "అన్నా, మొదటి లైను దొరికింది. రెడీమేడ్ బట్టలు ఒంటికి సరిపోయేటట్టు చేస్తం, గిదే రాద్దాం."

ఆయన ఒక్కో కార్డూ చూశాడు. కత్తెర పక్కన పెట్టాడు. "సఫారీ సూట్లు కుట్టిన చేతులు చెల్లె ఇవి. పెండ్లికొడుకులు గీ గడపల వరుసకు నిలవడుతుండిరి. గిప్పుడు కాళ్లు కత్తిరిస్త అని లోకానికి చెప్పాల్నా? గది రాసేది ఉంటె పోయి గా స్టూలు మీద కూసునుడే నయం."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. నేను ఆ మాట పైకే అన్నాను, అది నా నోటి జబ్బు. ఆయన మిషన్ వైపు తిరిగి కూర్చున్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చెక్క అవతల మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది, మనిషి గొంతు లేదు. నాకు దిగులేసింది. నిజానికి భయమే వేసింది. నేను అన్న ఒక్క మాటకు ఆయన ప్రజ్ఞాపూర్ పోతాడేమోనని.

మూడోరోజు రెండు చాయ్‌లు పట్టుకుని నేనే వెళ్లాను. కొట్లాడడానికి కాదు. 'మా గురించి' పేజీ ఇంకా ఖాళీగానే ఉంది, కూతురు రోజూ అడుగుతోంది.

"మీ గురించి చెప్పుండ్రి అన్నా."

"నా గురించి ఏమున్నది రాయనీకి."

నిజమే, అలా అడిగితే నేనూ ఏం చెప్పలేను. పెళ్లి పత్రికకు వచ్చేవాళ్లను నేనెప్పుడూ 'మీ వంశం గురించి చెప్పండి' అనను, 'మీ తాత పేరేంటి' అంటాను. కాబట్టి మళ్లీ అడిగాను. "మొట్టమొదట మీ చేతికొచ్చిన బట్ట ఏంది?"

చాయ్ ఊదుకుంటూ రెండు గుక్కలు తాగాడు. తరువాత చెప్పడం మొదలుపెట్టాడు. హుస్నాబాద్‌లో మేనమామ దగ్గర పని నేర్చుకునేటప్పుడు మొదటి ఏడాది కొత్త బట్టకు కత్తెర పెట్టనివ్వలేదట. చుట్టుపక్కల రైతులకు పెళ్లినాడు కుట్టించిన ప్యాంటు ఒక్కటే ఉండేది. పంటలు అమ్మాక, ఎవరింట్లోనో శుభకార్యానికి పోవాలంటే దాన్నే బయటకు తీసేవాళ్లు. ఒకరికి పొట్ట వచ్చేది, ఒకరు జబ్బుపడి చిక్కిపోయేవాళ్లు. మేనమామ ప్రతి ప్యాంటుకూ లోపల కుట్టు పక్కన రెండు వేళ్లంత బట్ట వదిలిపెట్టేవాడు, ముందుముందు వదులు చేయడానికి.

"పొద్దందాక నాకు గదే పని. కుట్టు ఇప్పదీసుడు, సూసుడు, మల్ల కుట్టుడు. మా మామ ఒకటే అంటుండె. బట్టను సూసి కుట్టుడు ఎవ్వలకైన అస్తది, మనిషిని సూసి కుట్టుడు నేర్సుకో అని. పదేండ్ల కిందటి పాంటు తొడుక్కొని పెండ్లికి పోయెటోని మొఖం సూడాలె నువ్వు."

చెప్పి, మిషన్ పక్కన పడి ఉన్న కార్డుల వైపు చూశాడు. చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది. నోరు మూసుకుని ఉండడం నాకు ఎంత కష్టమో తెలిసినవాళ్లకు తెలుసు.

"అయితే నేను నేర్సుకున్నది గీ పనేనన్నట్టు," అన్నాడు చివరికి. "రాసుకో. గా కార్డుల ఉన్నదే ముందుగాల రాసుకో."

అలా మొదటి పేజీ తయారైంది. 'రెడీమేడ్ బట్టలను మీ ఒంటికి సరిపోయేలా సరిచేస్తాం. కొత్త ప్యాంట్లు, చొక్కాలు కుడతాం. సిద్దిపేట బస్టాండు దగ్గర. నడుము, పొడవు, చేతులు సరిచేయడానికి బట్ట ఉదయం ఇస్తే సాయంత్రానికి ఇస్తాం. కొత్త ప్యాంటుకు వారం పడుతుంది. ఆదివారం సెలవు.' దాని కింద రేట్లు, ఫోన్ నంబరు, 'బట్ట ఫోటో వాట్సాప్‌లో పంపి అడగవచ్చు' అని ఒక లైను. మహారాజు ఎక్కడా లేడు.

ఇంకో రెండు లైన్లు మాస్టర్ పట్టుబట్టి రాయించాడు. ఒకటి, 'పొడవు సరిచేయించుకునేవాళ్లు ఆ ప్యాంటు మీద వేసుకునే బూట్లే వేసుకుని రండి'. రెండోది, 'లోపల బట్ట మిగిలి ఉంటేనే వదులు చేయగలం. చూసి ముందే చెబుతాం'. రెండోదానికి నేను అడ్డం తిరిగాను. దుకాణం పెట్టుకున్నవాడు చేయలేనని తనే రాసుకుంటాడా?

"అయితదని పిలిచి, అచ్చినంక కాదంటె తిట్టుకుంట పోతరు చెల్లె. ముందుగాల చెప్తె ఇంకోదానికైన అస్తరు," అన్నాడు. మార్కెటింగ్ అనే మాట నోరు తిరగని మనిషి చెప్పింది. నేను అలాగే టైపు చేశాను.

'మా గురించి' పేజీలో ఆయన చెప్పింది చెప్పినట్టే పెట్టాను. మేనమామ, పెళ్లినాటి ప్యాంటు, రెండు వేళ్ల బట్ట, మనిషిని చూసి కుట్టాలన్న మాట. 'ఇక్కడ కొలత తీసేదీ, కత్తిరించేదీ, కుట్టేదీ నేనే' అన్నది ఆఖరి మాట. పక్కన మెడలో టేపు వేసుకున్న ఆయన ఫోటో. కూతురు చదివి వెంటనే ఫోన్ చేసింది. "ఇవన్ని మా నాయిన నాకెన్నడు చెప్పలే అత్తా," అంది. నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్ల మెచ్చుకుంటే పొంగిపోయాను, దాచుకోవడం ఎందుకు.

జనం విరగబడి రాలేదు. మొదటి వారం ఒక్కరూ రాలేదు. తరువాత రోజుకొకరు, ఇద్దరు ఫోన్ చేతిలో పట్టుకుని సందులో వెతుక్కుంటూ రావడం మొదలైంది. వచ్చినవాళ్లు ఏం చేస్తారని అడగడం లేదు, నేరుగా సంచి తెరిచి బట్ట ఇస్తున్నారు. కాళ్లకు బూట్లు కూడా ఉంటున్నాయి.

దసరా ఇంకా పదిరోజులుందనగా ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని ప్రజ్ఞాపూర్ నుంచి బస్సులో వచ్చింది. ఆ షోరూంలోనే కొన్న ప్యాంటు. తండ్రికి ఒక కాలు కొంచెం పొట్టి. అక్కడ రెండు కాళ్లూ సమంగా కత్తిరించి ఇచ్చారట.

"మనిషిని సూసి కుడతరని రాసి ఉంటె అచ్చినం," అంది ఆ అమ్మాయి.

మాస్టర్ ఆ పెద్దమనిషిని నిలబెట్టి, తను నేల మీద గొంతుకూర్చుని ఒక్కో కాలూ విడిగా కొలిచాడు. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది, చేతిలో టేపు ఉందని స్పీకర్ పెట్టాడు. షోరూం వాళ్లు. పండుగ రద్దీ మొదలైంది, వస్తున్నాడా లేదా తేల్చమంటున్నారు. నేను ఇటువైపు టైపు చేయడం ఆపేశాను.

"నేను రాను సార్," అన్నాడు మాస్టర్ నెమ్మదిగా. "మీ తాన సరిచేసేటియి ఉంటె మనిషిని గీడికే పంపుండ్రి. బట్టను ఒక్కదాన్ని పంపకుండ్రి."